పేర్లకు నంబర్లు పెట్టినా పాటలు వరస తప్పేదెందుకు? మెమరీ కార్డు మీద అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో మా రిపేరు షాపుకు బ్లూటూత్ స్పీకర్లు చాలా వస్తుంటాయి. ఫోన్ లేకుండా కార్డుతోనో పెన్‌డ్రైవ్‌తోనో వాడేవాళ్లలో ఎక్కువమంది తెచ్చే ఫిర్యాదు ఒకటే: పాటలు వరసగా రావడం లేదు.

అపోహ: 01, 02 అని పేర్లు పెడితే ఆ వరసలోనే పాడుతుంది.

కందుకూరు వైపు కోలాటం నేర్పే ఒకావిడ కార్డులో 14 పాటలున్నాయి. అడుగులన్నీ ఆ వరస మీదే కట్టుకున్నారు. అయిదో పాట మరీ పొడుగైందని కత్తిరించి, పాతది తీసేసి, కొత్తది 05 నంబరుతోనే, కాస్త పొడుగు పేరుతో ఎక్కించారు. ల్యాప్‌టాప్‌లో చూస్తే అంతా వరసగానే ఉంది. స్పీకర్లో మాత్రం నాలుగు తర్వాత ఆరు వస్తోంది, అయిదోది అన్నిటికన్నా చివర పాడుతోంది. స్పీకరే పాడైందనుకున్నారు.

స్పీకరుకు ఏమీ కాలేదు. తక్కువ ధర స్పీకర్ల లోపలుండే బోర్డులు చాలావరకు పేర్లు చూడవు. కార్డు లోపలి పట్టికలో ఏ ఫైలు ముందు నమోదైతే దాన్నే ముందు పాడతాయి. పాత పాట తీసేసిన చోట కొత్త పేరు పడితే అక్కడ కూర్చుంటుంది. పేరు పొడుగై అక్కడ పట్టకపోతే చివరికి పోతుంది. ల్యాప్‌టాప్ మనకు పేర్ల వారీగా సర్ది చూపిస్తుంది గనుక ఇది కంటికి కనపడదు. FAT32 ఫార్మాట్‌లో ఉన్న కార్డు విండోస్‌లో E: గా కనిపిస్తుంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా కొట్టండి, అసలు వరస బయటపడుతుంది:

```
dir E:\
```

పాటలన్నీ ముందు ల్యాప్‌టాప్‌లో దాచుకుని కార్డును ఫార్మాట్ చేయండి. తర్వాత ఒక్కొక్క పాటా వరస ప్రకారం కాపీ చేయండి. అన్నీ కలిపి ఒకేసారి లాగితే వరస మారే అవకాశం ఉంది. నంబర్లు మాత్రం తీసేయొద్దు, పేరు వరస చూసే బోర్డులూ ఉన్నాయి. ఆవిడ కార్డుకు మేం చేసింది ఇదే, 14 పాటలూ వరసకొచ్చాయి.

అపోహ: 64 జీబీ కార్డు చదవకపోతే అది నకిలీది.

నకిలీవీ ఉంటాయి గానీ ముందు ఫార్మాట్ చూడండి. 32 జీబీ దాటిన కార్డులు మామూలుగా exFAT లో వస్తాయి, చాలా చిన్న స్పీకర్లకు FAT32 తప్ప తెలియదు. పాటల కోసమే అయితే 32 జీబీ కార్డు కొనుక్కోమని చెప్తాను. ఒక్కో ఎంపీ3 సుమారు 5 ఎంబీ అనుకున్నా ఆరు వేల పాటలు పడతాయి.

అపోహ: ఆక్స్ వైరు పెట్టినా స్పీకరు బటన్‌తో పాట మార్చొచ్చు.

ఆక్స్‌లో స్పీకరు చేసేది వచ్చిన శబ్దాన్ని పెద్దది చేయడమే. పాట మార్చాలన్నా వెనక్కి వెళ్లాలన్నా వైరుకు అవతలి కొసనున్న ల్యాప్‌టాప్‌లోనో ప్లేయర్లోనో చేసుకోవాలి. సభల్లో ఆక్స్ వాడేటప్పుడు ఆ ప్లేయరు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి.