స్పానిష్‌లో 'వద్దు' అనగానే సర్వనామం ముందుకు ఎందుకొస్తుంది?

'అది నాకు ఇవ్వు' అనడానికి స్పానిష్‌లో 'దామెలో' అంటారు. 'అది నాకు ఇవ్వకు' అనాలంటే 'నో మె లో దేస్' అనాలి. రెండిట్లోనూ ఉన్నవి అవే ముక్కలు: ఇవ్వడం అనే క్రియ, 'నాకు' అనే అర్థమిచ్చే 'మె', 'అది' అనే అర్థమిచ్చే 'లో'. అయితే 'వద్దు' అనేసరికి రెండు మార్పులు జరిగాయి. 'దా' అనే క్రియ 'దేస్' అయింది. దాని తోకకు అతుక్కుని ఉన్న 'మె', 'లో' ఊడివచ్చి ముందు నిలబడ్డాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు 'దామెలో' ముందు ఒక 'నో' తగిలించి 'నో దామెలో' అనేస్తుంటారు. వినేవాళ్లకు విషయం అర్థమవుతుంది కానీ స్పానిష్ మాతృభాష అయినవాళ్లెవరూ అలా అనరు.

ముందు క్రియ సంగతి చూద్దాం. 'వద్దు' అనడానికి వేరే రూపం ఉండడం మనకు వింతేమీ కాదు. మనమూ 'ఇవ్వు' పక్కన 'లేదు' పెట్టి సరిపుచ్చుకోం, 'ఇవ్వకు' అంటాం. ప్రపంచ భాషల నిర్మాణాల మీద వచ్చిన ఒక పెద్ద సర్వేలో 495 భాషలను పోల్చి చూస్తే, మామూలు ఆజ్ఞకు మామూలు నిషేధ పదాన్ని చేర్చి ఊరుకునేవి దాదాపు నాలుగో వంతే తేలాయి. స్పానిష్ తన నిషేధాన్ని సబ్జంక్టివ్ నుంచి తెచ్చుకుంది. కోరికలూ సందేహాలూ చెప్పేటప్పుడు వాడే క్రియారూపం అది. 'నువ్వు నాకు అది ఇవ్వాలని నా కోరిక' అనడానికి 'కియెరో కే మె లో దేస్' అంటారు. ఇందులోంచి 'కియెరో కే' తీసేసి 'నో' పెడితే నిషేధాజ్ఞ తయారు. 'మె లో దేస్' అక్షరం కూడా మారలేదు, వరుసా మారలేదు.

దీని మూలాలు లాటిన్‌లో ఉన్నాయి. లాటిన్‌లో వద్దనడానికి ప్రధానంగా రెండు దారులుండేవి. ఒకటి 'నోలీ' అనే మాట తర్వాత క్రియ మూలరూపం పెట్టడం. 'నోలీ మే తాంగెరే', అంటే 'నన్ను ముట్టుకోకు', లాటిన్ బైబిల్‌లో యోహాను సువార్త 20వ అధ్యాయంలోని మాట. రెండోది నిషేధ పదంతో సబ్జంక్టివ్ వాడడం. స్పానిష్‌లో మొదటి దారి మూసుకుపోయి రెండోది నిలబడింది. ఆ బైబిల్ మాటే ఇవాళ స్పానిష్‌లో 'నో మె తోకెస్'. ముట్టుకోమని చెప్పాలంటే మాత్రం 'తోకామె' కాదు, 'తోకమె', ఊనిక మొదటి అక్షరం మీద.

ఇక్కడిదాకా చూసి చాలామంది ఒక సులువైన సూత్రం కట్టేస్తారు: అసలైన ఆజ్ఞారూపం అయితే సర్వనామం వెనక, సబ్జంక్టివ్ అయితే ముందు. వినడానికి బాగానే ఉంది కానీ పెద్దవాళ్లతో మాట్లాడగానే కూలిపోతుంది. 'మీరు' అనే మర్యాదకు స్పానిష్‌లో 'ఉస్తేద్' అంటారు. దానికి సొంత ఆజ్ఞారూపం లేదు, చెయ్యమన్నా వద్దన్నా సబ్జంక్టివే దిక్కు. 'అది చెయ్యండి' అంటే 'ఆగలో', 'అది చెయ్యకండి' అంటే 'నో లో ఆగా'. క్రియ రెండిట్లోనూ 'ఆగా' అనే సబ్జంక్టివే, అయినా 'లో' చోటు మారింది. కాబట్టి సర్వనామం కదలడానికి క్రియారూపం కారణం కాదు.

మరి కారణమేమిటి? సమాధానం మధ్యయుగపు స్పానిష్‌లో దొరుకుతుంది. అప్పట్లో 'మె', 'లో' లాంటి చిన్న సర్వనామాలు వాక్యం మొదట్లో నిలబడలేకపోయేవి. వాటికి సొంత ఊనిక లేదు. ముందు ఏదో ఒక మాట ఉంటే దాని మీద ఆనుకునేవి. క్రియే మొదటి మాట అయితే దాని వెనక చేరడం తప్ప వాటికి గత్యంతరం లేదు. ఇది ఒక్క ఆజ్ఞలకే కాదు, మామూలు వాక్యాలకూ వర్తించేది. సిద్ అనే వీరుడి కథ చెప్పే ప్రాచీన స్పానిష్ కావ్యంలో ఇప్పుడు మిగిలిన భాగపు రెండో పాదంలో 'ఎస్తావలోస్ కతాన్దో' అని వస్తుంది. దేశబహిష్కారానికి వెళ్తూ వెళ్తూ అతను తల తిప్పి 'వాటిని చూస్తున్నాడు' అని అర్థం. 'లోస్' క్రియకు వెనక అంటుకుంది. దాని ముందున్న 'ఎ' (మన 'మరియు' వంటిది) ఆనుకోవడానికి పనికొచ్చే మాట కాదు. అదే వాక్యం ఇవాళ ఎవరైనా అంటే 'లోస్ ఎస్తాబా మిరాందో' అంటారు, 'లోస్' ముందుకొచ్చేసింది.

ఈ నియమాన్ని 19వ శతాబ్దం చివర్లో పసిగట్టిన ఇద్దరు పండితుల పేర్లు కలిపి దీన్ని టోబ్లర్–ముసాఫియా సూత్రం అంటారు. ఒకరు అడోల్ఫ్ టోబ్లర్, ఇంకొకరు అడోల్ఫో ముసాఫియా. దాన్ని పట్టుకుని చూస్తే మన రెండు ఆజ్ఞలూ విడిపోతాయి. 'దామెలో'లో క్రియకు ముందు ఏమీ లేదు కాబట్టి సర్వనామాలు వెనక చేరాయి. 'నో మె లో దేస్'లో 'నో' వచ్చి మొదటి చోటు ఆక్రమించింది, కాబట్టి అవి దాని వెనకే, క్రియకు ముందే నిలబడగలిగాయి. కాలక్రమంలో మామూలు వాక్యాల్లో ఆ పట్టు సడలింది. 'లో ఆగో' (అది చేస్తాను) అని ఇప్పుడు నిరభ్యంతరంగా వాక్యం మొదలుపెట్టవచ్చు. ఆజ్ఞల్లో మాత్రం పాత అమరికే గడ్డకట్టింది. పోర్చుగల్‌లో మాట్లాడే పోర్చుగీసులో మామూలు వాక్యాల్లో కూడా ఆ అలవాటు ఇంకా బతికే ఉంది. వాళ్లు 'నా పేరు ఫలానా' అని చెప్పేటప్పుడు సర్వనామాన్ని క్రియ తర్వాతే పెడతారు. అయితే ఇవాళ్టి స్పానిష్ వక్త బుర్రలో ఈ తేడా ఏ యంత్రాంగంతో నడుస్తోంది అన్నది వేరే ప్రశ్న. దాని మీద వ్యాకరణ శాస్త్రవేత్తల మధ్య వాదాలు నడుస్తూనే ఉన్నాయి. నేను చెప్పింది ఆ అమరిక ఎక్కణ్ణుంచి వచ్చిందన్న కథే.

వెనక అంటుకున్న సర్వనామం క్రియతో కలిసి ఒకే మాట అయిపోతుంది. రాతలోనూ ఖాళీ వదలరు. ఊనిక మాత్రం క్రియ అక్షరం మీదే ఉండిపోవాలి. అందుకే 'దామె'కు అక్కర్లేని ఊనిక గీత 'దామెలో'కు వచ్చేసరికి మొదటి అచ్చు మీద తప్పనిసరి అవుతుంది. ఈ అతుకు దగ్గర శబ్దాలూ అరుగుతాయి. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుతో 'కూర్చోండి' అంటే 'సెంతాద్', 'ఓస్' కలిసి 'సెంతావోస్' అవుతాయి, 'ద్' ఎగిరిపోతుంది. 'వెళ్లిపోదాం' అంటే 'వామోస్', 'నోస్' కలిసి 'వామొనోస్' అవుతాయి, 'స్' పోతుంది. 'వెళ్లిపోండి' అన్న మాటకు మాత్రం 'ద్' నిలిచిన 'ఈదోస్' ఉంది కానీ, జనం నోట్లో అది 'ఈరోస్' అయిపోయింది. స్పానిష్ అకాడమీ 2017లో ఆ రూపాన్ని కూడా ఒప్పుకోక తప్పలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చేది వ్యాకరణ పుస్తకాలు తప్పంటున్న ఒక రూపం. పలువురితో మర్యాదగా 'కూర్చోండి' అనాలంటే 'సియెంతెన్సే' అనాలి. బహువచనాన్ని చెప్పే 'న్' క్రియ చివర ఉంది, ఆ తర్వాత 'సే'. స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ చాలాచోట్ల జనం 'సియెంతెసెన్' అంటారు. 'న్' సర్వనామాన్ని దాటుకుని చిట్టచివరికి వెళ్లిపోయింది. ఇంకొందరు రెండు చోట్లా పెట్టి 'సియెంతెన్సెన్' అంటారు. ఇలాగే 'దేన్మెలో' (అది నాకు ఇవ్వండి) కాస్తా 'దేమెన్లో' అవుతుంది. బహువచనపు గుర్తు క్రియ చివర రావాలన్నది వాళ్లు మరిచిపోలేదు. క్రియ ఎక్కడ అయిపోతుందన్న లెక్కే మారింది: వాళ్ల చెవికి 'సియెంతెసే' మొత్తం ఒక క్రియ. 'వద్దు' చేర్చగానే ఈ తప్పు మాయమవుతుంది. 'కూర్చోకండి' అనడానికి వాళ్లు కూడా 'నో సె సియెంతెన్' అనే అంటారు. సర్వనామం ముందుకెళ్లిపోయింది కాబట్టి 'న్' దాటడానికి వెనక ఏమీ మిగల్లేదు.