కిడ్నీలో నీటితిత్తులు, 30 ఏళ్లకే బీపీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

కిడ్నీ వైద్యుడిగా నేను తరచూ చూసే వంశపారంపర్య వ్యాధి, రెండు కిడ్నీల నిండా నీటితిత్తులు పెరిగే పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్. పెద్దల్లో కనిపించే సాధారణ రకంలో, తల్లికిగానీ తండ్రికిగానీ ఈ వ్యాధి ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. వయసు మీద పడ్డాక స్కానింగ్‌లో కనిపించే ఒకటి రెండు మామూలు తిత్తులకూ దీనికీ సంబంధం లేదు.

అపోహ: కిడ్నీలు పాడయ్యాకే బీపీ వస్తుంది, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉన్నంతకాలం బీపీ గురించి ఆలోచించనక్కర్లేదు.

వాస్తవం: ఈ వ్యాధిలో బీపీయే ముందు వస్తుంది. వడపోత శక్తి తగ్గకముందే సగానికి పైగా రోగులకు, చాలామందికి 30 ఏళ్ల ప్రాంతంలోనే, బీపీ పెరుగుతుంది. పెరుగుతున్న తిత్తులు చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలను నొక్కేయడంతో అక్కడికి రక్తం చాలడం లేదని భ్రమపడిన కిడ్నీ, రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దానివల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ ఒళ్లంతా రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పును ఒంట్లోనే నిలిపేస్తుంది, కిడ్నీ కణజాలం మచ్చకట్టడానికీ తోడ్పడుతుంది.

ఇక క్రియాటినిన్ అంటారా, కొంత భాగం దెబ్బతిన్నా మిగిలిన వడపోత గుత్తులు అదనపు పని నెత్తినేసుకుంటాయి కనుక ఆ అంకె ఏళ్ల తరబడి కదలదు. అది కదిలేసరికి కిడ్నీలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఉబ్బి ఉండవచ్చు.

నా దగ్గరకు వచ్చిన 28 ఏళ్ల యువకుడి విషయమే చూడండి. (గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.) తండ్రి 53వ ఏట డయాలిసిస్‌కు చేరుకున్నారు. ఇతనికి స్కానింగ్‌లో రెండు కిడ్నీల నిండా తిత్తులున్నాయి, క్రియాటినిన్ మాత్రం 0.9. "నాకేం ఇబ్బంది లేదు కదండీ, అప్పుడే మాత్రలెందుకు?" అన్నాడు. ఇంట్లో వారం రోజులు పొద్దునా రాత్రీ, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండేసి సార్లు బీపీ చూసి రాసుకు రమ్మన్నాను. మొదటి రోజు అంకెలు వదిలేసి లెక్కిస్తే సగటు 138/88 వచ్చింది.

అపోహ: బీపీ మాత్రలే కిడ్నీని పాడుచేస్తాయి.

వాస్తవం: ఈ మాట పుట్టడానికి ఒక కారణం లేకపోలేదు. ఇక్కడ ముందుగా వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుని వడపోత గుత్తుల్లోని ఒత్తిడిని తగ్గిస్తాయి కాబట్టి మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరగవచ్చు. ఆ యువకుడికి టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టిన పది రోజులకు అది 1.1 అయింది, పొటాషియం 4.7. రిపోర్టు చూసి కంగారుపడి అతనే మాత్ర మానేశాడు. పెరుగుదల 30 శాతం లోపే ఉండి, పొటాషియం అదుపులో ఉంటే మందు కొనసాగించాలని నచ్చజెప్పి మళ్లీ మొదలుపెట్టించాను. అంతకు మించి పెరిగితే మాత్రం కారణం వెతకాల్సిందే. వాంతులు, విరేచనాలు, నొప్పి మాత్రలు తరచుగా కనిపించే కారణాలు. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ఈ మందులను ముందుగానే మార్పించుకోవాలి, ఎందుకంటే ఇవి గర్భస్థ శిశువుకు హానికరం.

ఇలాంటి రెండు రకాల మందులు కలిపి వాడితే రెట్టింపు మేలు అనుకోవద్దు. 2014లో ఫలితాలు వెలువడిన హాల్ట్-పీకేడీ అనే అమెరికా పరిశోధనలో ఆ కలయిక వల్ల అదనపు లాభం కనబడలేదు.

అపోహ: 130/80 లోపు ఉంటే చాలు.

వాస్తవం: అందరికీ కాదు. అదే పరిశోధనలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు, వడపోత శక్తి బాగా ఉన్నవారిలో బీపీని 95/60 – 110/75 మధ్యకు దించి చూశారు. 120/70 – 130/80 మధ్య ఉంచినవారితో పోలిస్తే కిడ్నీల పరిమాణం పెరిగే వేగం సుమారు 14 శాతం తగ్గింది. మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీన్, గుండె కండరం మందం కూడా తగ్గాయి. వడపోత శక్తి మాత్రం మొదటి నెలల్లో కొంచెం ఎక్కువగా పడిపోయి, ఆ తర్వాత కాస్త నెమ్మదిగా తగ్గడంతో, పరిశోధన మొత్తం కాలంలో రెండు బృందాల మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. తిత్తుల పెరుగుదలే ముందు నడిచే వ్యాధి ఇది, కాబట్టి తొలిదశలో ఆ వేగాన్ని తగ్గించడం విలువైనదేనని నా అభిప్రాయం.

తక్కువ బీపీ లక్ష్యానికి మూల్యం కళ్లు తిరగడం. మా యువకుడికి మోతాదు 80కి పెంచినప్పుడు బీపీ 106/68కి దిగింది గానీ, మంచం మీంచి లేవగానే తూలు వచ్చేది. మళ్లీ 40కి తగ్గించి, రోజూ అన్నంలో కలుపుకునే ఆవకాయ, పక్కన నంజుకునే అప్పడం మాన్పించాం. రెండు నెలల తర్వాత ఇంట్లో సగటు 112/74, తూలు లేదు. అక్కడే ఆగాం.