కేకులో గుడ్డు ఏ టైంలో ఏ పని చేస్తుంది

కేకులో గుడ్డు ఎందుకు వేస్తారు అంటే పొంగడానికి అని కొందరంటారు, పిండిని పట్టి ఉంచడానికి అని ఇంకొందరంటారు, రెండూ కరెక్టే, కానీ ఈ పనులన్నీ ఒకేసారి జరిగేవి కావు. గిన్నెలో ఉన్నప్పుడు ఒకటి, ఒవెన్‌లో వేడెక్కేటప్పుడు ఇంకొకటి, చివర్లో మరొకటి. గిన్నెలో జరగాల్సింది సరిగ్గా జరగకపోతే తర్వాతవి ఎంత బాగా జరిగినా కేకు దెబ్బతింటుంది. ఇది చూడాలంటే పౌండ్ కేక్ లాంటి సాదా బటర్ కేక్ తీసుకోవడం మంచిది. బటర్ 200 గ్రాములు, పంచదార 200, మైదా 200, గుడ్లు 4, అంతే. పెంకు తీసేస్తే ఒక్కో గుడ్డు సుమారు 50 గ్రాములు ఉంటుంది కాబట్టి గుడ్లు కూడా 200 గ్రాములే. పాలు లేవు, నీళ్లు లేవు.

మరి తడి ఎక్కడ్నుంచి వస్తోంది? గుడ్డు బరువులో దాదాపు నాలుగింట మూడొంతులు నీళ్లే. తెల్లసొనలో 90 శాతం దాకా నీళ్లు, పచ్చసొనలో సగం. అంటే 4 గుడ్లతో మనకి తెలీకుండానే సుమారు 150 గ్రాముల నీళ్లు పోస్తున్నాం. బటర్‌లో కూడా కాస్త నీళ్లుంటాయి, 200 గ్రాములకి 30 గ్రాములు పైన, కానీ అసలు నీళ్లు గుడ్లవే. పంచదార కరగాలన్నా, మైదాలో స్టార్చ్ వేడికి ఉబ్బాలన్నా, ఆవిరి పుట్టాలన్నా ఈ నీళ్లే దిక్కు. అందుకే ఈ రకం కేకులో గుడ్డు తీసేసి ఇంకేమీ వెయ్యకపోతే ముద్ద పొడిపొడిగా ఉండిపోతుంది, కలపడానికే రాదు.

సరే, ఇప్పుడు అసలు చిక్కు. ముందు బటర్, పంచదార కలిపి తెల్లగా మెత్తగా అయ్యేదాకా గిలక్కొడతాం, పంచదార పలుకులు బటర్‌లోకి గాలిని లాక్కెళ్తాయి, చిన్న చిన్న బుడగలు చిక్కుకుంటాయి. ఈ బుడగలే కేకు పొంగడానికి విత్తనం. బేకింగ్ పౌడర్ వేసినా అది కొత్త బుడగలు పుట్టించడం దాదాపు ఉండదు, ఉన్న బుడగల్లోకి గ్యాస్ నింపి పెద్దవి చేస్తుందంతే. ఇప్పుడు ఈ కొవ్వు ముద్దలోకి 150 గ్రాముల నీళ్లని ఎక్కించాలి, కొవ్వూ నీళ్లూ మామూలుగా అయితే కలవవు. ఇక్కడ పచ్చసొన రంగంలోకి దిగుతుంది. అందులో లెసిథిన్ ఉంటుంది, గోబ్లీ అనే ఫ్రెంచ్ కెమిస్ట్ 1840ల్లో పచ్చసొన నుంచే దాన్ని విడదీశాడు. లెసిథిన్ అణువుకి ఒక కొస నీళ్లలో ఉండటానికి ఇష్టపడుతుంది, ఇంకో కొస కొవ్వులో, కాబట్టి అది నీటి బొట్టు చుట్టూ చేరి బొట్లు మళ్లీ ఒకటి కాకుండా ఆపుతుంది. నిజానికి లెసిథిన్ ఒక్కటే కాదు, పచ్చసొనలో కొవ్వుతో జతకట్టి ఉండే ప్రోటీన్లు కూడా ఇదే పని చేస్తాయి, పెద్ద వాటా వాటిదే.

కానీ కొవ్వునీ నీళ్లనీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్ ఉంది కదా అని గుడ్లన్నీ ఒకేసారి పోసేస్తే పని జరగదు. ఒక్కో గుడ్డూ వేసి అది పూర్తిగా కలిసిపోయాకే రెండోది వెయ్యాలి అని ప్రతి రెసిపీలోనూ రాసి ఉండేది ఇందుకే, నీళ్లు ముందు చిన్న బొట్లుగా విడిపోవాలి, ఆ బొట్ల చుట్టూ లెసిథిన్ చేరాలి, దానికి టైం కావాలి. ఇంకో శత్రువు చల్లదనం. బటర్ 20 డిగ్రీల దగ్గర మెత్తగా, వంగేలా ఉంటుంది, అందులో ఫ్రిజ్‌లోంచి తీసిన 4 డిగ్రీల గుడ్డు వేస్తే బటర్ అక్కడికక్కడే గట్టిపడి చిన్న చిన్న ఉండలు కడుతుంది, నీళ్లు పక్కకి వచ్చేస్తాయి, చూడ్డానికి విరిగిన పాలలా ఉంటుంది. తర్వాత మైదా వేస్తే నీళ్లు పీల్చుకుని అంతా కలిసినట్టే కనబడుతుంది, చాలామంది హమ్మయ్య అనుకునేది ఇక్కడే, కానీ బుడగలు కొన్ని అప్పటికే పోయి ఉంటాయి, కేకు బరువుగా వస్తుంది, కొన్నిసార్లు అడుగున జిడ్డుగా గట్టి పొర కూడా కడుతుంది. గుడ్లని పెంకుతోనే కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే ఈ గొడవ చాలావరకు రాదు. ఒకవేళ విరిగిపోయినా, గిన్నె అడుగుని వేడి నీళ్లకి కాసేపు తగిలించి గిలక్కొడితే కొవ్వు మళ్లీ మెత్తబడి నీళ్లని లోపలికి తీసుకుంటుంది, నా లెక్కలో మైదా ముందే చెంచాడు వేసి కప్పిపుచ్చడం కన్నా ఇదే మేలు.

ఒవెన్‌లో పెట్టాక జరిగేది నాకు చాలా ఇష్టమైన భాగం. 35 డిగ్రీలు దాటేసరికి బటర్ కరిగిపోతుంది. ఇంతసేపూ గాలి బుడగలు ఉన్నది కొవ్వులోనే కదా, కొవ్వు కరిగాక వాటిని పట్టి ఉంచేది లేదు, అవి నీటి భాగంలోకి మారతాయి, అక్కడ గుడ్డు ప్రోటీన్లు వాటి చుట్టూ పల్చటి పొరలా చేరి పగిలిపోకుండా కాపాడతాయి. వేడి పెరిగేకొద్దీ లోపలి గాలి వ్యాకోచిస్తుంది, గుడ్డు నీళ్లు ఆవిరై ఆ బుడగల్లోకే చేరతాయి, ఇది 100 డిగ్రీలకి ఒక్కసారిగా మొదలయ్యేది కాదు, అంతకన్నా చాలా ముందే మొదలై పెరుగుతూ పోతుంది. గుడ్డు కేకుని పొంగించడం అంటే ఇదే. స్పాంజ్ కేక్‌లో కథ వేరు, అక్కడ గుడ్లనే పంచదారతో నురగ వచ్చేదాకా కొడతాం, మొదటి బుడగలు కూడా గుడ్డులోనే పుడతాయి.

పొంగింది పొంగినట్టు నిలబడాలి, అది చివరి పని. విడిగా అయితే తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే చిక్కబడటం మొదలెడుతుంది, అందులో ఎక్కువగా ఉండే ప్రోటీన్ గట్టిపడాలంటే 80 దాకా వెళ్లాలి, పచ్చసొన 65, 70 మధ్య చిక్కబడుతుంది. కేకులో పంచదార ఎక్కువ కాబట్టి ఇవన్నీ ఇంకా పైకి జరుగుతాయి, స్టార్చ్ ఉబ్బడం కూడా లేటవుతుంది, ఈ ఆలస్యం వల్లే కేకుకి పొంగే టైం దొరుకుతుంది. తర్వాత ప్రోటీన్లు విచ్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి, ఉబ్బిన స్టార్చ్ ఆ వలలో ఇరుక్కుంటుంది, గోడలు గట్టిపడతాయి. మధ్యభాగం ఇంకా గట్టిపడకముందే కేకు బయటికి తీస్తే బుడగల్లో ఆవిరి చల్లారి కుంచించుకుపోతుంది, గోడలకి బలం లేదు, మధ్యలో గుంట పడుతుంది. మధ్యలో గుచ్చిన పుల్లకి తడి పిండి అంటుకుంటే వల ఇంకా కట్టలేదనే అర్థం.

గుడ్డు ఎక్కువైతే ఆ వల మరీ బిగుసుకుని కేకు రబ్బరులా సాగుతుంది. ఇందులో కూడా తెల్లసొన, పచ్చసొన తేడా ఉంది. మన లెక్కలో నాలుగో గుడ్డు తీసేసి 3 పచ్చసొనలు వేశామనుకుందాం, ఒక్కోటి సుమారు 17 గ్రాములు కాబట్టి బరువు మళ్లీ 50కే వస్తుంది, కానీ గుడ్డుతో వచ్చే 37 గ్రాముల నీళ్ల బదులు 25 దాకానే వస్తాయి, కొవ్వు పెరుగుతుంది. కేకు మెత్తగా, నోట్లో కరిగేలా వస్తుంది, కాకపోతే ఎత్తు కాస్త తగ్గుతుంది.

గుడ్డుకి బదులు ఏం వెయ్యొచ్చు అనే ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు దొరకనిది కూడా ఇందుకే. నానబెట్టిన అవిసె గింజల పొడి జిగురుగా పట్టి ఉంచుతుంది, తడి ఇస్తుంది, కానీ గుడ్డులా వేడికి గట్టిపడి గోడ కట్టదు. పెరుగు తడి ఇస్తుంది, సోడా ఉంటే దాని పులుపుతో గ్యాస్ పుడుతుంది, అక్కడితో సరి. ఉడికించిన శనగల నీళ్లు నురగ బాగా కడతాయి, కానీ పచ్చసొనలో ఉండే కొవ్వు వాటిలో లేదు. ఒక గుడ్డు వేసే కేకులో మైదా స్టార్చే చాలావరకు నెట్టుకొస్తుంది కాబట్టి వీటిలో ఏదో ఒకటి వేసినా తేడా పెద్దగా తెలీదు, 4 గుడ్ల పౌండ్ కేక్‌లో మాత్రం ఒకటి మార్చి ఊరుకుంటే కుదరదు, తడికి ఒకటి, కొవ్వూ నీళ్లూ కలిసి ఉండటానికి ఒకటి, పొంగడానికి ఒకటి విడివిడిగా చూసుకుని రెసిపీ మొత్తం మళ్లీ రాసుకోవాలి.