టైటిళ్ల జాబితాను జల్లెడ పట్టడం

కడపలో నల్లబండలు అమ్మే ఒక షాపు వెబ్‌సైటును ఉదాహరణగా ఊహించుకుందాం. బండ సైజుకో పేజీ, మందానికో పేజీ, పాలిష్ రకానికో పేజీ ఉన్నాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు అని ఊరికో పేజీ ఉంది. కొన్ని పేజీలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో. గూగుల్‌లో వెతికినవారికి ఈ పేజీల్లోంచి ముఖ్యంగా కనిపించేవి రెండు: నీలిరంగు టైటిల్, దాని కింద రెండు వరుసల డిస్క్రిప్షన్. ఒక్కో పేజీ తెరిచి అవి ఎలా ఉన్నాయో చూడాలంటే రెండు రోజులు పడుతుంది. క్రాలర్ తీసిచ్చే జాబితాను సరిగ్గా వడకడితే ఒక పూటలో తేలిపోతుంది. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తప్పితే మాత్రం లేని తప్పులు దిద్దుతూ కూర్చోవాల్సి వస్తుంది.

క్రాలర్ అంటే సైటులోని లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి పోయి, ప్రతిదాని వివరాలు రాసుకొచ్చే ప్రోగ్రాం. ఈ పనికి ఎక్కువమంది వాడేది స్క్రీమింగ్ ఫ్రాగ్. దాని ఉచిత కూర్పు 500 చిరునామాల దగ్గర ఆగిపోతుంది. బొమ్మలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి సెట్టింగుల్లో వాటిని ఆపేయడం మంచిది. క్రాల్ అయ్యాక `Internal` ట్యాబ్‌లో `HTML` ఫిల్టర్ పెట్టి `Export` నొక్కితే ఫైలు వస్తుంది.

తెలుగు సైటుకు మొదటి చిక్కు ఇక్కడే. సీఎస్‌వీ ఫైలును నేరుగా రెండు క్లిక్కులతో తెరిస్తే ఒక్కోసారి తెలుగు అక్షరాల స్థానంలో `à°•à°` లాంటి గజిబిజి కనిపిస్తుంది. ఫైలు పాడైందనుకోకండి. అది యూటీఎఫ్-8లో ఉంది, ఎక్సెల్ దాన్ని పాత విండోస్ లిపిగా చదివింది, అంతే. `Data` మెనూలో `From Text/CSV` ద్వారా తెరిచి, `File Origin` దగ్గర `65001: Unicode (UTF-8)` ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా వస్తాయి. ఎగుమతి చేసేటప్పుడే ఎక్సెల్ రకం ఎంచుకుంటే ఈ బాధే ఉండదు.

మన బండల సైటు ఫైలులో 412 వరుసలు వచ్చాయనుకుందాం. టైటిళ్ల వైపు చూడకముందే ఇందులో లెక్కకు రానివాటిని తీసెయ్యాలి. `Status Code` 301 ఉన్నవి 61. అవి వేరే పేజీకి దారి మళ్లించేవి కాబట్టి వాటికి సొంత టైటిల్ ఉండదు. 404, అంటే ఇప్పుడు లేని పేజీలు, 14. `Indexability Status` గడిలో `Canonicalised` అని ఉన్నవి 149. ధర ప్రకారం, సైజు ప్రకారం వరుస మార్చినప్పుడు `?sort=` తోకతో పుట్టుకొచ్చిన నకళ్లు ఇవి. అసలు పేజీ ఏదో అవే చెబుతున్నాయి కాబట్టి టైటిల్ ఒకటే ఉండటం తప్పు కాదు. తమను జాబితాలో చేర్చుకోవద్దని గూగుల్‌కు చెప్పే `noindex` ఉన్నవి 20. ఇవన్నీ పోగా మిగిలినవి 168. ఇక మనం చూడాల్సింది ఈ 168 వరుసలే. ఈ మెట్టు దాటేసి 412 మీదే సూత్రాలు నడిపితే ఖాళీ టైటిళ్లు 61 అదనంగా కనిపిస్తాయి, నకలు టైటిళ్లు కొండంత పెరుగుతాయి. పనిలో వృథా అయ్యే సమయమంతా దాదాపు ఇక్కడే పోతుంది.

మిగిలినవాటిని కొత్త షీటుకు తీసుకుని, `A` గడిలో చిరునామా, బీలో `Title 1`, సీలో `Meta Description 1`, డీలో పేజీలోని పెద్ద శీర్షిక `H1-1`, `E`లో సైటులో ఆ పేజీకి లింకిచ్చే పేజీల సంఖ్య `Unique Inlinks` ఉంచుకుంటే చాలు. తక్కిన నిలువు వరుసలు ఈ పనికి అక్కర్లేదు.

లేని టైటిళ్లు పట్టుకోవడం తేలిక. బీ గడిని ఖాళీలకు ఫిల్టర్ చేస్తే అవే బయటపడతాయి. కానీ వాటిని దిద్దేముందు అలాంటి పేజీ ఒకటి బ్రౌజర్‌లో తెరిచి చూడాలి. ట్యాబ్ మీద టైటిల్ చక్కగా కనిపిస్తూ క్రాలర్‌కు మాత్రం దొరకలేదంటే, ఆ టైటిల్‌ను జావాస్క్రిప్ట్ తర్వాత అతికిస్తోందన్నమాట. అప్పుడు క్రాలర్‌లో జావాస్క్రిప్ట్ రెండరింగ్ పెట్టి మళ్లీ నడపాలి. డిస్క్రిప్షన్ లేకపోవడం అంత పెద్ద నేరం కాదు. అది లేకపోతే గూగుల్ పేజీలోని వాక్యాలనే ఏరి చూపిస్తుంది. డిస్క్రిప్షన్‌ను ర్యాంకుకు వాడబోమని 2009లోనే గూగుల్ చెప్పింది. అందుకని ఖాళీ డిస్క్రిప్షన్లు 74 ఉన్నా, ఎక్కువమంది చూసే పేజీలకు మాత్రమే ముందు రాసుకుంటే సరిపోతుంది.

నకళ్ల దగ్గర తెలుగు లాంటి భాషలకు ఉన్న ఒక తిరకాసు ఉంది. "పాలిష్ బండలు" అని ఇద్దరు టైపు చేశారనుకోండి. ఒకరి కీబోర్డు "ష్" తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టింది, ఇంకొకరిది పెట్టలేదు. పొల్లు హల్లు పక్క అక్షరానికి వత్తుగా అతుక్కోకుండా ఆపడానికి వాడే ఆ గుర్తు సంఖ్య 8204. తెర మీద రెండూ అచ్చం ఒకటే, క్రాలర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు టైటిళ్లు. నకలు జాబితాలోకి అవి రావు. వెబ్ పేజీల్లోంచి కాపీ చేసినప్పుడు వచ్చే విడదీయరాని ఖాళీ, సంఖ్య 160, కూడా ఇలాగే మోసం చేస్తుంది. కాబట్టి ఎఫ్ గడిలో ముందు టైటిల్‌ను కడగాలి:

```
=TRIM(SUBSTITUTE(SUBSTITUTE(B2,UNICHAR(8204),""),UNICHAR(160)," "))
```

కడిగిన టైటిల్ ఎన్నిసార్లు వచ్చిందో జీ గడిలో లెక్క:

```
=IF(F2="","",SUMPRODUCT(--($F$2:$F$169=F2)))
```

ఈ పనికి చాలామంది `COUNTIF` వాడతారు. అలవాటైన సూత్రమే, కానీ ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తింటుంది. "కడప బండలు వంటింటికి మంచివేనా?" అన్న టైటిల్‌లోని ప్రశ్నార్థకాన్ని అది "ఏదో ఒక అక్షరం" అని అర్థం చేసుకుంటుంది. దాంతో సంబంధంలేని టైటిల్ కూడా లెక్కలో కలవచ్చు. రెండోది, 255 గుర్తులు దాటిన వాక్యాన్ని అది పోల్చలేదు. ఇంగ్లీషు డిస్క్రిప్షన్ అంత దూరం పోవడం అరుదు. తెలుగుది సునాయాసంగా దాటేస్తుంది, కారణం కింద చెప్తాను. డిస్క్రిప్షన్లకు కూడా పై రెండు సూత్రాలే సీ గడి మీద నడపాలి.

కడగకముందు మన సైటులో 52 పేజీలు నకలు టైటిళ్లతో దొరికితే, కడిగాక 58 అయ్యాయనుకుందాం. జీ గడిని పెద్దనుంచి చిన్నకు, ఆపైన ఎఫ్ గడిని అక్షరక్రమంలో పేరిస్తే గుంపులు పక్కపక్కన చేరతాయి. ఒక గుంపులో 12 పేజీలు, అన్నిటి టైటిల్ "కడప నల్ల బండలు". చిరునామాలు చూస్తే ఒకటి 20 మి.మీ. మందానిది, ఒకటి 25 మి.మీ., ఒకటి 2×2 అడుగులది, అలా. ఇక్కడ తొందరపడి పన్నెండు టైటిళ్లు రాయకూడదు. ముందు పేజీలు తెరవాలి. లోపల ఫోటో, వివరం, ధర అన్నీ ఒకటే అయి సైజు అంకె మాత్రమే మారితే, జబ్బు టైటిల్‌లో లేదు. ఆ పేజీలన్నీ కలిపి ఒకే పేజీలో సైజుల పట్టికగా పెట్టి, పాతవాటిని దానికి మళ్లించడమే సరైన పని. నిజంగా తేడా ఉన్న పేజీలకే వేరే టైటిల్ కావాలి. ఆ తేడా టైటిల్ మొదట్లోనే రావాలి.

ఇక పొడవు. ఇంగ్లీషు టైటిళ్లకు 60 అక్షరాలు, డిస్క్రిప్షన్‌కు 155 అని సాధారణంగా ఒక హద్దు పెట్టుకుంటారు. ఆ అంకెలను తెలుగుకు అలాగే వాడితే లెక్క తప్పుతుంది. "ప్రొద్దుటూరు" అని రాసి చూడండి. కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు: ప్రొ, ద్దు, టూ, రు. ఎక్సెల్ `LEN` మాత్రం 12 అంటుంది, ఎందుకంటే దానికి హల్లు ఒకటి, పొల్లు ఒకటి, వత్తు హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి. "కర్నూలు" మూడక్షరాలే, లెక్కకు ఏడు. "ప్రొద్దుటూరులో కడప నల్ల బండలు | 2×2 సైజు, ధర" అన్న టైటిల్ ఖాళీలతో కలిపి కంటికి 29, `LEN`కు 44. క్రాలర్ ఎగుమతిలోని `Title 1 Length` కూడా ఇలాంటి లెక్కే. అది చూసి తెలుగు టైటిల్ "మరీ పొడవు" అని కత్తిరిస్తే నిజానికి చోటున్న టైటిల్‌ను నరికినట్టే.

దీనికి బదులు `Title 1 Pixel Width` చూడటం మేలు, ఎందుకంటే గూగుల్ టైటిల్‌ను అక్షరాలు లెక్కపెట్టి కత్తిరించదు. టైటిల్‌కు గూగుల్ పొడవు పరిమితి ఏదీ పెట్టలేదు. తెర వెడల్పులో పట్టినంత చూపిస్తుంది, తక్కినది చుక్కలవుతుంది. అయితే ఈ పిక్సెల్ లెక్క కూడా తెలుగుకు అంచనా మాత్రమే. విండోస్‌లో తెలుగు కనిపించే ఫాంటు వేరు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేరు, అక్షరం వెడల్పూ వేరు. కాబట్టి వెడల్పు ప్రకారం పేర్చి, పై ఇరవై టైటిళ్లను ఫోన్‌లో వెతికి కంటితో చూడటమే నమ్మకమైన పద్ధతి. అన్నిటికంటే ముఖ్యం, వస్తువు పేరూ ఊరి పేరూ తొలి నాలుగైదు మాటల్లోకి వస్తే తోక తెగినా నష్టం ఉండదు.

బలహీనమైనవి అన్నిటికంటే తప్పించుకు తిరుగుతాయి. ఖాళీ కావు, నకళ్లు కావు, పొడవూ కావు, అయినా ఏమీ చెప్పవు. "హోమ్", "ఉత్పత్తులు", "పేజీ 2" లాంటివి ఫిల్టర్‌లోనే కనిపిస్తాయి. కష్టమైనవి షాపు పూర్తి పేరుతో మొదలయ్యేవి. పేరు, కడప, ఫోన్ నంబరు అయ్యాక చివరన ఎక్కడో "మెట్ల బండలు" అని వస్తుంది. అది తెర మీదికి రాదు. వీటికి మొదటి ఇరవై గుర్తులు పోల్చి చూడాలి:

```
=SUMPRODUCT(--(LEFT($F$2:$F$169,20)=LEFT(F2,20)))
```

ఈ అంకె పెద్దదై జీ గడిలో 1 ఉంటే, ఆ టైటిల్ తల ఒకటే, తోక మాత్రమే వేరు. షాపు పేరును చివరికి జరిపితే చాలావరకు బాగుపడతాయి. ఇవి సాధారణంగా ఒకే టెంప్లేట్‌లోంచి వస్తాయి కాబట్టి ఒక్కచోట మారిస్తే నలభై పేజీలు మారతాయి. డిస్క్రిప్షన్‌లోనైతే టైటిలే మళ్లీ రాసి ఉందేమో `=B2=C2` పెడితే తెలుస్తుంది.

దిద్దే వరుసను `Unique Inlinks` ఒక్కటే నిర్ణయించకూడదు. గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పేజీల నివేదిక ఎగుమతి చేసి, వెతుకులాటల్లో ఒక్కో పేజీ ఎన్నిసార్లు కనిపించిందో ఆ అంకెను `VLOOKUP`తో పక్కన చేర్చుకోవాలి. చిరునామా చివర `/` గీత ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే `#N/A` వస్తుంది. అప్పుడు రెండు జాబితాల్లోనూ ఆ గీతను ఒకే తీరుగా చేసుకుని మళ్లీ నడపాలి.

మార్చిన చిరునామాలను క్రాలర్‌లో `Mode` కింద `List` ఎంచుకుని అతికిస్తే అవి మాత్రమే మళ్లీ చదువుతుంది. అప్పటికీ పాత టైటిలే వస్తోందంటే సైటు క్యాషే ఖాళీ చేయలేదని అనుమానించాలి. క్రాలర్‌కు కొత్తది వస్తూ గూగుల్‌లో వేరే మాటలు కనిపిస్తుంటే అది ఇంకా పేజీని తిరిగి చదవకపోయి ఉండవచ్చు, లేదా తనే టైటిల్ మార్చి ఉండవచ్చు. 2021 సెప్టెంబరులో గూగుల్ ఇచ్చిన లెక్క ప్రకారం మనం రాసిన టైటిల్‌ను అది అప్పట్లో దాదాపు 87 శాతం సార్లు వాడుకునేది. మిగతాసార్లు పేజీలోని పెద్ద శీర్షిక లాంటివి తీసుకోవచ్చు. అలాంటి పేజీకి డీ గడిలోని `H1-1`ను బీ గడి పక్కన పెట్టి చదివితే, రెండింట్లో ఏది ఆ పేజీ గురించి సరిగ్గా చెబుతోందో వెంటనే కనిపిస్తుంది.