వంకాయ రంగు చీర ఫోన్‌లో నీలం ఎందుకైంది?

ధర్మవరం

చి. రమ్యకు, చరణ్‌కు తాత ఆశీస్సులు.

మీరు ఫోటో పెట్టి అమ్మిన వంకాయ రంగు పట్టుచీర తిరిగొచ్చిందని విన్నాను. "ఫిల్టర్ ఏదీ వాడలేదు తాతా, ఉన్నది ఉన్నట్టే తీశాం" అని రమ్య ఫోన్‌లో బాధపడింది. నిజమే చెప్పింది. కొన్నామె కూడా నిజమే చెప్పింది: ఆమె ఫోన్‌లో చూసింది నీలం చీర, చేతికి వచ్చింది వంకాయ రంగు చీర. ముప్పై ఏళ్ళకు పైగా పట్టుదారానికి రంగు వేసినవాణ్ణి కాబట్టి, తేడా ఎక్కడ వచ్చిందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

తిరిగొచ్చిన చీరను నిన్న పొద్దున పది గంటలకు వాకిట్లో మంచం మీద పరిచాను. నీడలోనే, ఎండలో కాదు. కన్ను దగ్గరగా పెట్టి చూస్తే అందులో వంకాయ రంగు దారం ఒక్కటి కూడా లేదు. నిలువు దారాలైన పడుగు రాణీ రంగు, అడ్డ దారాలైన పేక ముదురు నీలం. ఆ రెండు సన్నటి దారాలు ఒకదాని పక్కన ఒకటి పడితే, రెండడుగుల దూరం నుంచి మన కన్ను వాటిని కలిపేసి వంకాయ అంటుంది. మంచం కాళ్ళ వైపు నిలబడితే నీలం పైకి తేలింది. పక్కకు జరిగి అంచు వైపు నుంచి చూస్తే రాణీ రంగు మెరిసింది. పట్టుదారం వెలుతురును ఒకవైపుకే ఎక్కువగా తిప్పి కొడుతుంది, అందుకే నిలబడే చోటు మారితే రంగు మారుతుంది. నూలు చీరలో ఇది ఇంతగా ఉండదు. మీ ఫోటో ఒక్క చోటి నుంచే తీసింది, అదీ నీలం తేలే వైపు నుంచి. మొదటి తేడా అక్కడే వచ్చింది.

రెండో తేడా దీపం వల్ల. మీరు తీసింది రాత్రి, పసుపు వెలుతురిచ్చే బల్బు కింద. బల్బు వెలుతురులో ఎరుపు, పసుపు ఎక్కువ, నీలం తక్కువ. ఫోన్ కెమెరా ఆ పసుపును పసిగట్టి, తెల్లటి వస్తువు తెల్లగా కనబడాలని తనంతట తానే నీలం కలుపుతుంది. ఎంత కలపాలో దానికి తెలియాలంటే ఫోటోలో తెల్లనిది ఏదైనా ఉండాలి. ఫోటో అంతా చీరే నిండిపోతే దానికి ఆధారం లేదు, ఊహించి కలుపుతుంది. ఆవపిండి రంగు చీర ఫోటోలో వెలిసినట్టు కనబడేది కూడా చాలాసార్లు ఇందుకే. చీరలోని పసుపును దీపం పసుపనుకుని కెమెరా తీసేస్తుంది.

అందుకని చీర మీద ఒక తెల్ల కాగితం పెట్టి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, కిటికీ వెలుతురులో మళ్ళీ తీశాను. మరీ మెరిసే కాగితం వద్దు, దాని తెలుపులోనే నీలం ఉంటుంది. నోటు పుస్తకం కాగితం మేలు. ఫోటోలో కాగితం తెల్లగానే వచ్చింది. చీర మాత్రం ఇంకా కాస్త నీలంగానే ఉంది. కాగితం కూడా నీలంగా వచ్చి ఉంటే తప్పు వెలుతురుదని తేలిపోయేది. కాగితం తెల్లగా ఉండి చీర ఒక్కటే మారిందంటే కారణం వేరే ఉండాలి. నీలం, ఊదా రంగు అద్దకాలు చాలావరకు నీలంతో పాటు ఎరుపులో చివరంచున ఉండే ముదురు ఎరుపును కూడా వెనక్కి పంపుతాయి. కంటికి కనబడని వేడి కిరణాలు లోపలికి రాకుండా కెమెరాలో ఒక చిన్న అద్దం ఉంటుంది. అది వాటితో పాటు ఆ ఎరుపు అంచును కూడా కొంత కోసేస్తుంది. ఎరుపు తగ్గిన వంకాయ నీలమే కదా! ఈ తేడాను ఎంత మంచి వెలుతురైనా పూర్తిగా దిద్దలేదు. ఇక్కడ మాటే ఆదుకోవాలి.

ఆపైన చూసేవాళ్ళ ఫోన్ ఉంది. ఒకే ఫోటోను మీ అవ్వ ఫోన్‌లోనూ నా ఫోన్‌లోనూ తెరిచి, మధ్యలో చీర పెట్టి చూశాను. మూడూ మూడు రకాలు. ఒకదాంట్లో రంగుల్ని చిక్కగా చూపించే సెట్టింగ్ ఉంది, ఇంకోదాంట్లో రాత్రిపూట కళ్ళకు శ్రమ లేకుండా తెరను పసుపు చేసే సెట్టింగ్ ఉంది. కొనేవాళ్ళ తెర ఎలా ఉందో మనకు తెలియదు, కాబట్టి ఫోటో ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు.

మరి మాటల్లో ఎలా చెప్పాలి? "వంకాయ రంగు" అని ఊరుకుంటే చాలదు. వంకాయల్లో నల్లగా నిగనిగలాడేవీ ఉన్నాయి, లేత ఊదావీ ఉన్నాయి. రంగులశాలలో మేము మూడు సంగతులు చూసేవాళ్ళం. మొదటిది, రంగు ఎటు వాలింది? ఊదా అయితే ఎరుపు వైపా, నీలం వైపా. ఆకుపచ్చ అయితే పసుపు వైపా, నీలం వైపా. చిలకపచ్చకూ నెమలికంఠానికీ తేడా ఆ వాలే. రెండోది, లేతా ముదురా. మూడోది, నిండుగా మెరుస్తోందా, బూడిద కలిసినట్టు మసకగా ఉందా. కనకాంబరం, ఇటుక రంగు రెండూ నారింజ ఎరుపులే, కానీ కనకాంబరం నిండు, ఇటుక మసక. చాలామంది ఈ మూడోదాన్నే మరిచిపోతారు, గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఇద్దరి ఇంట్లోనూ ఉండే వస్తువుతో పోల్చడం ఇంకా మంచిది. కొత్త వంద రూపాయల నోటు లేత ఊదా. "వంద నోటు ఊదా కంటే బాగా ముదురు, ఎరుపు వైపు వాలింది" అంటే హైదరాబాద్‌లో ఉన్నామె పర్సులోంచి నోటు తీసి చూసుకుంటుంది. నలిగి మాసిన నోటు మాత్రం పనికిరాదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు నేరేడుపండు, బచ్చలిపండు అంటే కంటి ముందు మెదలకపోవచ్చు. అప్పుడు బీట్‌రూట్, ఉల్లిపొర లాంటివి వాడండి.

చీర కింద నేనైతే ఇలా రాస్తాను: "పడుగు రాణీ, పేక ముదురు నీలం. పగటి నీడలో దూరం నుంచి నల్ల వంకాయ రంగు, ఎరుపు వైపు వాలు, ముదురు, నిండు. కుచ్చిళ్ళు కదిలినప్పుడు ఒకవైపు నీలం, ఒకవైపు రాణీ మెరుస్తాయి. ఫోటోలో ఉన్నదానికంటే నీలం తక్కువ." ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. చీర పక్కన పెట్టుకుని, ఫోటో చూస్తూ, పగటిపూటే రాయండి. రెండు దిక్కుల నుంచి రెండు ఫోటోలు పెట్టండి.

జాకెట్టు గుడ్డ విషయంలో ఇంకో జాగ్రత్త. షాపు ట్యూబ్‌లైటు కింద చీరకు అతికినట్టు కలిసిన గుడ్డ, బయట ఎండలో ఒక్కోసారి వేరుగా కనబడుతుంది. రెండింటికీ వాడిన అద్దకపు మందులు వేరు కాబట్టి ఒక దీపం కింద ఒకటిగా, ఇంకో దీపం కింద రెండుగా కనబడతాయి. మ్యాచింగ్ చూసేటప్పుడు గుడ్డను గుమ్మం దాకా తీసుకొచ్చి ఒకసారి, లోపల ఒకసారి చూడాలి.

చరణ్ అడిగిన గోడ రంగు సంగతి కూడా ఇలాంటిదే. షాపువాళ్ళ రంగుల కార్డులో అగ్గిపెట్టెంత ముక్క చూసి ఎంచుకోవద్దు. నాలుగు గోడలకూ వేస్తే ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి, అనుకున్నదానికంటే చిక్కగా కనబడుతుంది. రెండడుగుల అట్టముక్కకు రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనివ్వు. సున్నం తడిమీద ముదురుగా ఉండి ఆరాక తెల్లబడుతుంది, ఎమల్షన్ ఎక్కువగా ఆరాక ముదురుతుంది. ఆ అట్టను గోడకు ఆనించి పొద్దున ఒకసారి, రాత్రి మీ గది దీపం వేసి ఒకసారి చూడు.

ఖరీదైన చీర అడిగినవాళ్ళకు చీర కొస నుంచి రెండు దారాలు, ఒకటి రాణీ ఒకటి నీలం, తెల్ల కాగితానికి అంటించి కవర్లో పంపండి. ఈ చీర దారాలు అంటించిన కాగితం ఉత్తరంతో పాటే పెట్టాను. కిటికీ దగ్గర పట్టుకుని, మీ పాత ఫోటో పక్కన పెట్టి చూడండి.

మీ తాత