యాంటెలోవెన్: స్కాండినేవియా ఉద్యోగాలకి వెళ్లేవాళ్లలో ఉండే అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్, వైజాగ్ నుంచి ఓస్లో, కోపెన్‌హాగెన్ ఆఫీసులకి వెళ్లే ఐటీ వాళ్లకి అక్కడి పని పద్ధతుల మీద ట్రైనింగ్ ఇస్తుంటాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, "అక్కడ యాంటెలోవెన్ అని ఉంటుందట కదండీ, మన గురించి మనం చెప్పుకోకూడదట, మరి ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలి?" అని.

అపోహ: ఇది వైకింగుల కాలం నాటి కట్టుబాటు, అక్కడివాళ్లు గర్వంగా పాటిస్తారు.

వాస్తవం: ఆ పేరు వచ్చింది ఒక నవల్లోంచి. అక్సెల్ సాండెమూసె అనే రచయిత డెన్మార్క్‌లో నైకోబింగ్ మోర్స్ అనే చిన్న ఊళ్లో పుట్టి తర్వాత నార్వేలో స్థిరపడ్డాడు, ఆయన 1933లో రాసిన నవల్లో యాంటె అనే ఊరు, ఆ ఊరికి పది రూల్స్ ఉంటాయి, వాటి పేరే యాంటెలోవెన్, అంటే యాంటె చట్టం. మొదటిది "నువ్వేదో పెద్ద మనిషివనుకోకు", పదోది "నువ్వు మాకేదో నేర్పగలవనుకోకు". ఊరంతా కలిసి ఒక్కణ్ని ఎలా తొక్కేస్తుందో చూపించడానికే ఆయన అవి రాశాడు, పొగడటానికి కాదు. ఆ బుద్ధి అంతకుముందు నుంచీ ఉంది, ఆయన దానికి పేరు పెట్టాడంతే. ఇప్పటికీ నార్వే వాళ్ల నోట ఈ మాట ఎక్కువగా కంప్లైంట్‌గానే వస్తుంది, ఎవరు పైకొచ్చినా ఓర్వలేరు అనే అర్థంలో. అందుకే అక్కడి కొలీగ్‌తో "మీ యాంటెలోవెన్ నాకు భలే నచ్చిందండీ" అనకండి.

అపోహ: అక్కడ గెలుపు, డబ్బు అన్నీ దాచుకోవాలి.

వాస్తవం: స్కీయింగ్‌లో మెడల్ వస్తే నార్వే మొత్తం పండగ చేసుకుంటుంది. జనాల ఆదాయం, కట్టిన పన్ను లిస్టులు కూడా అక్కడ పబ్లిక్, పక్కింటాయన సంపాదన ఆన్‌లైన్లో చూడొచ్చు, కాకపోతే 2014 నుంచి మనం చూశామని ఆయనకి కూడా తెలుస్తుంది. గెలుపో డబ్బో ఉండటం తప్పు కాదు, అది చూపించి నేను మీకంటే ఎక్కువ అన్నట్టు మాట్లాడితేనే ఇబ్బంది.

అపోహ: ఇది మన వినయం లాంటిదే, మనకి తేలిక.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. మన వినయం పెద్దవాళ్ల ముందు తగ్గి ఉండటం, "అంతా మీ దయ సార్" అనడం. అక్కడి వినయం అందరూ ఒకే మెట్టు మీద ఉన్నారని ఒప్పుకోవడం. పై మెట్టెక్కి మాట్లాడినా తప్పే, కింది మెట్టు దిగి మాట్లాడినా వాళ్లకి ఇబ్బందే. మేనేజర్‌ని కూడా పేరు పెట్టే పిలుస్తారు, అలాంటిచోట "మీ ముందు నేనెంత సార్" అంటే ఆయనకి మర్యాదగా అనిపించదు, తనని బలవంతంగా పైన కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

అపోహ: అయితే ఇంటర్వ్యూలో మన గురించి ఏమీ చెప్పకూడదు.

వాస్తవం: చెప్పాలి, గొప్పలు తీసేసి పని చెప్పాలి. ఓస్లోకి అప్లై చేస్తున్న ఒక డేటాబేస్ ఇంజనీర్ సీవీలో మొదటి లైనే "అసాధారణ ఫలితాలు సాధించే డైనమిక్ లీడర్" అని ఉంది. అది కొట్టేసి ఇలా మార్చాం: ఆరుగురి టీమ్‌లో పేమెంట్స్ డేటాబేస్‌ని కొత్త సర్వర్లకి మార్చాం, రాత్రిపూట రిపోర్ట్ క్వెరీలు నేను తిరగరాశాను, 4 గంటలు పట్టే రిపోర్ట్ 40 నిమిషాలకి వచ్చింది, టెస్టింగ్ ప్లాన్ ఇంకో కొలీగ్‌ది. టీమ్ ఏం చేసింది, అందులో నా వంతేంటి, దాంతో ఏం మారింది, ఈ మూడూ ఉంటే చాలు. "లీడర్" అన్న విశేషణం చదివేవాళ్లే తగిలించుకుంటారు.

తర్వాత మాక్ ఇంటర్వ్యూలో ఆయన రెండో చివరికి వెళ్లిపోయారు, ఏది అడిగినా "అంతా టీమే చేసిందండీ" అనడం మొదలెట్టారు. ఇదీ పనికిరాదు. "అందులో మీరు చేసిందేంటి" అని ఎదుటివాళ్లు రెండోసారి అడిగారంటే "మేము" ఎక్కువైపోయిందని అర్థం. గొప్పలు ఎక్కువైతే కనిపెట్టడం ఇంకా కష్టం, ఎందుకంటే ఎవరూ కాదనరు, నవ్వుతూ "ఓకే, బాగుంది" అని తర్వాత ప్రశ్నకి వెళ్లిపోతారు, మీరు చెప్పిన దానిమీద ఒక్క ఎదురు ప్రశ్న కూడా రాదు.

అన్నిచోట్లా ఒకేలా ఉంటుందనీ అనుకోవద్దు. సేల్స్, స్టార్టప్‌లలో కాస్త గట్టిగా చెప్పుకున్నా చెల్లుతుంది, కుర్రవాళ్లలో యాంటెలోవెన్ అంటేనే విసుగున్నవాళ్లు చాలామందే. చేరిన తర్వాత మీటింగ్‌లో ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం "అయ్యో, అదేం లేదండీ" అని కొట్టిపారేయకండి, వాళ్ల మాట తప్పన్నట్టు అవుతుంది. థ్యాంక్స్ చెప్పి, ఆ పనిలో సాయం చేసినవాళ్ల పేరు కూడా చెప్పి, తర్వాత విషయానికి వెళ్లిపోండి.