గొంతు ఎక్కడ విరుగుతుంది, ఎందుకు విరుగుతుంది: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మా మేడ మీద గదిలో శని, ఆదివారాలు పాఠాలు చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది పగలంతా వేరే పని చేసుకునే పెద్దవాళ్లే. కపిలతీర్థం దారిలో బట్టల దుకాణం నడిపే ఒకాయన భజన మండలిలో ముందు వరుసలో పాడతారు. మొదటి రోజు ఆయన చెప్పిన మాట ఇది: "తారషడ్జం వరకు రాజమార్గం అమ్మా. గాంధారం దగ్గరకు వెళ్లేసరికి ఎవరో తలుపు వేసినట్టు ఉంటుంది. గట్టిగా తోస్తే అరుపు, తోయకపోతే పిల్లి కూత."

తలుపు పోలిక నాకు నచ్చింది. కింది గొంతు నుంచి పై గొంతుకు మారే చోట స్వరం ఇలా తెగడాన్నే గొంతు విరగడం అంటాం. ఆ తలుపు చుట్టూ ఉన్న అపోహలే ఈ నాలుగు మాటలకు కారణం.

అపోహ: కింది గొంతు ఛాతీలో పుడుతుంది, పై గొంతు తలలో పుడుతుంది.

రెండూ పుట్టేది ఒక్క చోటే, స్వరపేటికలో. మంద్రం హృదయంలో, మధ్యం కంఠంలో, తారం మూర్ధంలో అని మన పెద్దలు చెప్పింది పాడేవాడికి కంపనం తెలిసే చోటు గురించి. కింద పాడుతూ ఛాతీ మీద అరచెయ్యి పెడితే అదురు తెలుస్తుంది. పై స్వరానికి ఆ అదురు తగ్గి, బుగ్గల్లో, నుదుట మోగినట్టు అనిపిస్తుంది. అనుభవం నిజమే. కాని లోపల మారేది స్వరతంత్రుల తీరు.

కింది గొంతులో తంత్రులు పొట్టిగా, మందంగా ఉండి, ఒకదానికొకటి నిండుగా తగిలి విడిపోతుంటాయి. పై గొంతులో సాగి, పలచబడి, అంచులు మాత్రమే ఆడుతాయి. తంత్రి లోపలే ఉండే కండరం దాన్ని మందం చేస్తుంది. స్వరపేటిక ముందు భాగంలో ఉండే మరో కండరం దాన్ని సాగదీస్తుంది. స్వరం పైకి వెళ్లే కొద్దీ సాగదీసేది పని పెంచాలి, మందం చేసేది కొంచెం కొంచెంగా వదులుకోవాలి. ఆ వదలడం ఆలస్యమై, చివరికి ఒక్కసారిగా జరిగితే మనకు వినిపించేదే విరుపు. వీణ తీగకు మీటు పడుతుండగానే బిగువు, లావు రెండూ మారిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అపోహ: గొంతు విరగడం ఆడవాళ్లకు ఒక చోట, మగవాళ్లకు ఇంకొక చోట. శ్రుతి తగ్గిస్తే పోతుంది.

ఇది నాకు చాలా ఇష్టమైన అపోహ, ఎందుకంటే దీన్ని ఫోనుతోనే తేల్చవచ్చు.

దుకాణం ఆయన రెండో శ్రుతిలో, అంటే D ని షడ్జంగా పెట్టుకుని పాడతారు. మోహనంలో తారగాంధారం దగ్గర విరుగుతుంది. ఫోనులో ట్యూనర్ పెట్టి చూస్తే ఆ స్వరం F#4 అని, సుమారు 370 హెర్ట్జ్ అని చూపింది. చిత్తూరు నుంచి ఆదివారం వచ్చే ఆయన చెల్లెలు ఐదున్నర శ్రుతిలో, అంటే G# ని షడ్జంగా పెట్టుకుని పాడతారు. అటువైపు తమిళ గురువుల దగ్గర నేర్చుకున్నారు కాబట్టి ఐదున్నర కట్టై అంటారు. "మా అన్నకు తారస్థాయిలో కష్టం, నాకు మధ్యస్థాయిలోనే కష్టం. నా గొంతు ఇంకా పేదది" అని ఆవిడ బాధ. హరికాంభోజిలో నిషాదం పట్టుకోమన్నాను. ట్యూనర్ మళ్లీ F#4 అనే చూపింది. అన్న గాంధారం, చెల్లెలి నిషాదం ఒకే ధ్వని!

ఇది వాళ్లింటి విశేషం కాదు. మగవాళ్లలోనైనా ఆడవాళ్లలోనైనా ఈ మార్పు సాధారణంగా 300 నుంచి 400 హెర్ట్జ్ మధ్యనే వస్తుంది. గొంతును బట్టి ఒకటి రెండు స్వరస్థానాలు అటూ ఇటూ జరుగుతుంది. శ్రుతి మారితే ఆ చోటుకు స్వరం పేరు మారుతుందే తప్ప చోటు మారదు. దుకాణం ఆయన ఒకటో శ్రుతికి దిగితే విరుపు గాంధారం వదిలి శుద్ధమధ్యమం దాటాక, పంచమానికి ముందు వస్తుంది. తారమధ్యమం పైకి వెళ్లని కీర్తనకు అది పెద్ద ఊరటే. కాని తలుపు ఉన్న చోటే ఉంది, ఆయన దాని దాకా వెళ్లడం లేదు, అంతే.

చెల్లెలి సంగతి ఇంకాస్త చిక్కు. ఐదున్నర శ్రుతిలో మాయామాళవగౌళ పాడితే ధైవతం విరుపుకు కింద, నిషాదం విరుపుకు పైన పడతాయి. అంటే సరళీ వరుసల మొదటి రోజు నుంచే ఆవిడ ప్రతి ఆరోహణలో తలుపు దాటుతూ వచ్చారు. ఎవరూ చెప్పలేదు కాబట్టి గట్టిగా తోసి దాటడం అలవాటైంది. ఆవిడ గొంతు పేదది కాదు, చిక్కు మొదట్లోనే ఎదురైంది.

అపోహ: గట్టిగా, ఎక్కువసేపు అరిచి సాధన చేస్తే పగులు కలిసిపోతుంది.

నేను అందరికంటే ఎక్కువగా పోట్లాడేది దీనితోనే. గట్టిదనం పెంచితే తంత్రులు మందంగానే ఉండిపోతాయి. వదులుకోవలసిన కండరాన్ని ఇంకా బిగించమన్నట్టే. అందుకే గట్టిగా పాడేవాళ్లకు విరుపు కాస్త పైన వస్తుంది, వచ్చినప్పుడు పెద్దగా వస్తుంది.

ఇక్కడ పనికొచ్చే విషయం ఒకటుంది. కింది నుంచి పైకి వెళ్తున్నప్పుడు గొంతు మారే చోటు, పై నుంచి కిందికి దిగుతున్నప్పుడు మారే చోటు ఒకటి కావు. దిగేటప్పుడు పలచని గొంతు చాలా కింది దాకా నిలుస్తుంది. దుకాణం ఆయన చేత ఊకారం మీద మెల్లగా జారు తీయించాను. ఎక్కేటప్పుడు F#4 దగ్గర మారింది. దిగేటప్పుడు D4 దాకా, అంటే ఆయన తారషడ్జం దాకా పలచని గొంతే వచ్చింది. తారషడ్జం నుంచి గాంధారం వరకు ఆయనకు రెండు గొంతులూ అందుతాయన్న మాట. సాధన చేయవలసింది అక్కడే, పై నుంచి దిగుతూ.

మొదటి రెండు వారాలు పాటే లేదు. గ్లాసులో సగం నీళ్లు, కొబ్బరిబోండాల బండి దగ్గర ఇచ్చేలాంటి స్ట్రా ఒకటి. స్ట్రా కొసను నీళ్లలో రెండు సెంటీమీటర్లు ముంచి, అందులోకి ఊకారం పలుకుతూ తారపంచమం నుంచి మధ్యపంచమం దాకా జారు. పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు. బుడగలు ఒకే తీరుగా రావాలి. మధ్యలో బుడగ తెగితే అక్కడ ఊపిరి ఆగిందని, ఒక్కసారి పొంగితే తంత్రులు విడిపోయి గాలి కారిందని లెక్క. నోటి దగ్గర దారి ఇరుకుగా ఉంటే వెనక్కి తిరిగే ఒత్తిడి తంత్రుల మీద భారం తగ్గిస్తుంది. అందుకే విరుపు దగ్గర కూడా అవి సులువుగా మారతాయి. ఆయన మనవడికి ఈ సాధన తెగ నచ్చిందట.

మూడో వారం స్ట్రా తీసేసి గ-రి-స మాత్రమే, అవరోహణే, ఊకారంతో. గాంధారాన్ని పలచగా పట్టుకుని అదే మోతాదులో షడ్జానికి దిగాలి. కింది గొంతు ఎక్కడ కలిసినా ఆపకూడదు, తొందరపెట్టకూడదు. అది కుదిరాక స-రి-గ, షడ్జాన్నే మామూలుకంటే తేలికగా ఎత్తుకుని. చాలామంది తప్పేది ఇక్కడే. షడ్జాన్ని పూర్తి బరువుతో పట్టుకుని గాంధారం దగ్గర మాత్రం తేలికవ్వాలని చూస్తారు. బరువు దించడం గాంధారం దగ్గర కాదు, షడ్జం దగ్గరే మొదలవ్వాలి.

ఆయనకు ఒక ఇబ్బంది వచ్చింది. తేలిక అంటే గాలి వదలడం అనుకున్నారు. నాలుగో వారానికి గాంధారం విరగడం మానింది కాని, ఊదుగొట్టంలో ఊదినట్టు గాలి కలిసి వచ్చింది. అప్పుడు ఊకారం మాని "గు గు గు" అనిపించాను. గకారం ముందు గాలిని ఒక క్షణం ఆపుతుంది, ఆ వెంటనే వచ్చే స్వరానికి తంత్రులు చక్కగా కలుసుకుంటాయి. వారంలో గాలి తగ్గింది.

ఆ తర్వాత ఊకారం నుంచి ఓకారానికి, చివరగా ఆకారానికి. ఆకారం చివరికి ఎందుకంటే, ఆ ఎత్తులో నోరు బార్లా తెరిచిన "ఆ" అరుపు వైపే లాగుతుంది. గాంధారం దగ్గర పెదవులను ఓకారం వైపు ఒక పిసరు గుండ్రం చేస్తే అరుపు తగ్గుతుంది. వినేవాళ్లకు అది ఇంకా "ఆ" లాగానే వినిపిస్తుంది. "గోవిందా" అన్న పిలుపులో "గో" పై స్వరం మీద పడితే సుఖం, "దా" పడితే కష్టం, అందుకు కారణం ఇదే.

అపోహ: పై గొంతు ఫాల్స్ వాయిస్. మగవాడు వాడితే దొంగతనం.

కచేరీలో పాట మొత్తం పలచని గొంతుతో నడిపితే నాకూ నచ్చదు, అది అభిరుచి సంగతి. కాని సాధనలో దాన్ని ముట్టుకోనివాడికి, బరువు ఎంత దించవచ్చో ఎప్పటికీ తెలియదు. దుకాణం ఆయన ఇప్పుడు పాడే గాంధారం కింది గొంతే, కాకపోతే తేలికైనది. మిక్స్ వాయిస్ అని వీడియోల్లో చెప్పేది కూడా మూడో గొంతేమీ కాదు. ఈ రెండిట్లో ఒకటి, వినేవాళ్లకు అతుకు తెలియనంతగా సర్దుకున్నది.

అపోహ: తేనె, మిరియాలు, పటికబెల్లం.

మింగినది అన్నవాహికలోకి పోతుంది, తంత్రులను తాకదు. తాకితే దగ్గు వస్తుంది. గొంతు హాయిగా ఉంటే తీసుకోండి. విరుపుకు మాత్రం మందు కాదు.

మూడు నెలలు దాటాక ఆయన పరిస్థితి ఇది. గదిలో, తంబురా పెట్టుకుని పాడితే పది సార్లలో ఒకసారి విరుగుతుంది. భజనలో ఇంకా మూడు నాలుగు సార్లు విరుగుతుంది. తాళాలు, డోలక్, హార్మోనియం మధ్య తన గొంతు తనకు వినిపించక, తెలియకుండానే గట్టిదనం పెంచేస్తారు. మైకును నోటికి దగ్గరగా జరుపుకోమన్నాను, కొంత మేలయింది. మండలి వాళ్లు తాళాలు తగ్గించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఒక్క జాగ్రత్త. ఇంతకుముందు లేని చోట కొత్తగా విరుపు వస్తే, లేదా గట్టిగా పాడితే పలికే పై స్వరాలు మెల్లగా పాడితే పలకకపోతే, అది సాధన లోపం కాకపోవచ్చు, తంత్రులు వాచి ఉండవచ్చు. అలిపిరి మెట్ల మీద కొండ దాకా గోవింద నామం అరుస్తూ ఎక్కి, మర్నాడే నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఇది చూస్తుంటాను. వాళ్లకు ఆ రోజు పాఠం ఉండదు, మాట తగ్గించి ఇంటికి వెళ్లమంటాను. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. స్ట్రా, గ్లాసు అప్పటిదాకా అల్మరాలోనే.